పని ఎవరిది, డబ్బు ఎప్పుడు? ఫ్రీలాన్స్ అగ్రిమెంట్‌నూ హక్కుల బదిలీ పత్రాన్నీ కలిపి చదవడం

ఫ్రీలాన్స్ పని ఖాయమయ్యాక క్లయింట్ నుంచి మామూలుగా రెండు పీడీఎఫ్‌లు వస్తాయి. ఒకటి సర్వీస్ అగ్రిమెంట్. చేయాల్సిన పని, ఫీజు, గడువులు అందులో ఉంటాయి. రెండోది ఐపీ అసైన్‌మెంట్, అంటే తయారైన పని మీద హక్కులన్నీ క్లయింట్‌కు రాసిచ్చే పత్రం. మొదటిదాన్ని అందరూ శ్రద్ధగానే చదువుతారు, అందులో డబ్బుంది కాబట్టి. రెండోదాన్ని మాత్రం లాయర్లు ఎప్పుడూ పెట్టే కాగితమేలే అనుకుని సంతకం చేసి పంపేస్తారు. చాలాసార్లు ఈ రెండూ వేర్వేరు మనుషులు వేర్వేరు సమయాల్లో తయారుచేసిన నమూనాలు. విడివిడిగా చదివితే దేంట్లోనూ తప్పు కనిపించదు. పక్కపక్కన పెట్టి చదివితేనే ఒకదాని మాటకూ ఇంకోదాని మాటకూ పొంతన లేదని తెలుస్తుంది.

ఇలాంటి జంట కాగితాలకు సారాంశం రాసేటప్పుడు చాలామంది క్లాజుల వరసలో వెళ్తారు. ఒకటో క్లాజు ఇది చెప్తోంది, రెండో క్లాజు అది చెప్తోంది అని. అలా రాస్తే పది పేజీల కాగితం మూడు పేజీలవుతుంది తప్ప ఏదీ తేలదు. ఎందుకంటే హక్కు చేతులు మారే క్షణం ఒక క్లాజులో ఉండదు. ఒక క్లాజు 'పూర్తి చెల్లింపు జరిగాక' అంటుంది, చెల్లింపు ఎప్పుడో ఇంకో క్లాజు 'ఆమోదం తర్వాత' అంటుంది, ఆమోదం అంటే ఏమిటో మూడో చోట ఉంటుంది. కాబట్టి సారాంశాన్ని సంఘటనల వరసలో రాయాలి: సంతకం, డెలివరీ, ఆమోదం, ఇన్వాయిస్, చెల్లింపు. ఒక్కో సంఘటన దగ్గర ఆగి, ఈ నిమిషానికి పని ఎవరిది, ఎవరు ఎవరికి ఎంత బాకీ అని అడగాలి.

కాగితం లేకపోతే పని ఎవరిది

డబ్బిచ్చినవాళ్లదే పని అని అనుకోవడం సహజం. కాపీరైట్ చట్టం మాత్రం చాలా దేశాల్లో ఇంకోలా చూస్తుంది. జీతం తీసుకునే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన పని సాధారణంగా యజమానికి చెందుతుంది. బయటి నుంచి వచ్చి పని చేసిపెట్టే ఫ్రీలాన్సర్ విషయంలో, కొన్ని మినహాయింపులు పోను, పని చేసినవాళ్లే తొలి హక్కుదారులు. ఫీజు మొత్తం కట్టేసినా సరే, హక్కు రాసివ్వకపోతే అది చేసినవాళ్ల దగ్గరే ఉంటుంది. క్లయింట్‌కు మిగిలేది వాడుకునే అనుమతి మాత్రమే, అది కూడా ఎంతవరకో కోర్టు తేల్చాల్సిన అనుమతి.

అమెరికాలో దీని మీద బాగా తెలిసిన తీర్పు 1989లో వచ్చింది. ఇళ్లు లేనివారి కోసం పనిచేసే ఒక సంస్థ, జేమ్స్ ఎర్ల్ రీడ్ అనే శిల్పితో ఒక విగ్రహం చేయించుకుంది. ఆలోచన సంస్థది, చెక్కింది శిల్పి, రాతపూర్వక ఒప్పందం లేదు. తర్వాత కాపీరైట్ మాదంటే మాదని ఇద్దరూ రిజిస్ట్రేషన్‌కు వెళ్లారు. రీడ్ ఉద్యోగి కాదు, స్వతంత్రంగా పనిచేసే మనిషి కాబట్టి ఇది 'వర్క్ మేడ్ ఫర్ హైర్' కిందికి, అంటే చేయించుకున్నవారికే మొదటి నుంచీ హక్కు ఉండే పని కిందికి రాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇద్దరి ఉమ్మడి సృష్టి అవుతుందా అన్నది చూడమని కింది కోర్టుకు వదిలేసింది. ఆ దేశంలో ఫ్రీలాన్సర్ చేసిన పని 'వర్క్ ఫర్ హైర్' కావాలంటే చట్టంలో రాసిన 9 రకాల్లో ఒకటై ఉండాలి, ఆ మాట రాసిన కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఆ 9 రకాల జాబితాలో నేరుగా లేదు. ఆ మాట ఒక్కటీ రాసేసి హక్కులు తమకు వచ్చేసినట్టేనని ధీమాగా ఉండే కంపెనీలు చాలానే ఉన్నాయి. అందుకే జాగ్రత్తపరులైన లాయర్లు దాని వెనకాలే అసైన్‌మెంట్ కూడా రాయించుకుంటారు.

అసైన్‌మెంట్ రాతపూర్వకంగా, హక్కు వదులుకునేవారి సంతకంతో ఉండాలన్నది అమెరికా, బ్రిటన్, భారత్ మూడింటిలోనూ నియమమే. భారత చట్టం ఇంకాస్త ముందుకెళ్తుంది. కాలం రాయకపోతే బదిలీ 5 ఏళ్లకేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షన్ అనుకుంటుంది. జర్మనీలో అయితే బతికున్న రచయిత కాపీరైట్‌ను బదిలీ చేయడమే కుదరదు, వాడుకునే హక్కులు మాత్రమే ఇవ్వగలరు. అందుకే సారాంశం పై వరసలోనే ఈ ఒప్పందానికి ఏ దేశపు చట్టం వర్తిస్తుందో రాసుకోవాలి. ఆ క్లాజు ఎప్పుడూ చివరి పేజీలో, ఎవరూ చదవని చోట ఉంటుంది.

'రాసిస్తున్నాను' వేరు, 'రాసిస్తానని ఒప్పుకుంటున్నాను' వేరు

అసైన్‌మెంట్ పత్రంలో నేను మొదట వెతికేది క్రియ. 'హియర్‌బై అసైన్స్' అని ఉంటే సంతకంతోనే బదిలీ జరిగిపోయినట్టు. ఇంకా పుట్టని పని అయితే పుట్టిన క్షణంలోనే అది అవతలివారిది. 'అగ్రీస్ టు అసైన్' అని ఉంటే అది మాట ఇవ్వడం మాత్రమే. ఆ మాట నిలబెట్టుకోవడానికి తర్వాత ఇంకో కాగితం కావాలి.

ఈ తేడా వల్ల స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక పేటెంట్ మీద పూర్తి హక్కు పోగొట్టుకుంది. అక్కడి పరిశోధకుడొకరు విశ్వవిద్యాలయానికి 'అగ్రీ టు అసైన్' అని సంతకం చేశాడు. తర్వాత ఒక టెక్నిక్ నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్లినప్పుడు, లోపలికి రానివ్వడానికి వాళ్లు పెట్టిన కాగితం మీద 'డు హియర్‌బై అసైన్' అన్నదానికి సంతకం పెట్టాడు. కాలంలో ముందు స్టాన్‌ఫర్డ్ కాగితమే. అయినా చెల్లింది రెండోదేనని అప్పీలు కోర్టు చెప్పింది. 2011లో సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టాన్‌ఫర్డ్‌కు ఊరట దక్కలేదు. అది పేటెంట్ కేసు, దాన్ని అన్ని దేశాల కాపీరైట్‌కూ యథాతథంగా అన్వయించలేం. కానీ అప్పటి నుంచి క్లయింట్ల తరఫు నమూనాల్లో 'హియర్‌బై' అనే మాట తప్పనిసరిగా కనిపిస్తుంది. ఫ్రీలాన్సర్ తరఫు నుంచి చూస్తే, డబ్బు ముట్టకముందే హక్కు వెళ్లిపోయే దారి కూడా అదే మాట.

ఒక ఉదాహరణ

ఒక డెవలపర్, ఒక కంపెనీకి స్టాక్ లెక్కలు చూసుకునే యాప్ చేసిపెడుతోంది. ఊహించి రాసిన కేసే, కానీ ఇందులోని క్లాజులన్నీ రోజూ కనిపించేవే. సర్వీస్ అగ్రిమెంట్‌లో మనకు కావాల్సినవి ఇవి. 5వ క్లాజు ప్రకారం ఫీజులో 30 శాతం సంతకం రోజున, 40 శాతం టెస్ట్ వెర్షన్ ఆమోదం పొందాక, మిగిలిన 30 శాతం తుది వెర్షన్ ఆమోదం పొందాక ఇవ్వాలి. 6వ క్లాజు ప్రకారం డెలివరీ జరిగాక క్లయింట్‌కు 10 పనిదినాల సమయం ఉంటుంది. ఆలోగా లోపాలు రాసి పంపితే డెవలపర్ సరిచేసి మళ్లీ ఇవ్వాలి, అప్పుడు 10 పనిదినాలు మళ్లీ మొదలవుతాయి. ఏమీ చెప్పకపోతే ఆమోదించినట్టే. 7వ క్లాజు: సరైన ఇన్వాయిస్ అందిన 30 రోజుల్లో చెల్లింపు, ఆఖరి రోజు సెలవైతే మరుసటి పనిదినం. 9వ క్లాజు: ఫీజు పూర్తిగా చెల్లించాక పని మీద హక్కులన్నీ క్లయింట్‌కు వెళ్తాయి.

ఇంతవరకు చదివితే డెవలపర్‌కు టెన్షన్ ఉండదు. డబ్బు వస్తేనే హక్కు పోతుంది, న్యాయంగానే ఉంది. తర్వాత అనుబంధం 2, అంటే హక్కుల బదిలీ పత్రం తెరవాలి. దాని రెండో పేరా, డెవలపర్ తయారుచేసే ప్రతిదానిపైనా హక్కులను 'తయారైన క్షణం నుంచి' క్లయింట్‌కు 'హియర్‌బై అసైన్స్' అంటుంది. అంటే అగ్రిమెంట్ ప్రకారం హక్కు చివరి రూపాయి అందాకే పోతుంది, అనుబంధం ప్రకారం మొదటి కోడ్ లైన్ టైప్ చేసినప్పుడే పోయింది.

రెండింట్లో ఏది చెల్లుతుందో చెప్పే వాక్యం ఎక్కడో ఉంటుంది. ఈ కేసులో 15వ క్లాజులో, చిరునామాలకూ నోటీసులకూ మధ్య ఇరుక్కుని ఉంది: అగ్రిమెంట్‌కూ అనుబంధాలకూ పొంతన కుదరకపోతే అనుబంధాల మాటే చెల్లుతుంది. అంతే, 9వ క్లాజు ఉన్నా లేనట్టే. సంతకం చేసేవాళ్లు చూసి సంతోషపడింది 9వ క్లాజును, వాళ్ల హక్కును తేల్చింది 15. ప్రాధాన్యం చెప్పే ఇలాంటి వాక్యం లేకపోతే పరిస్థితి మెరుగని కూడా అనలేం. అప్పుడు ఏది తర్వాత సంతకం చేశారు, ఏది ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెప్తోంది అన్న వాదనలు మొదలవుతాయి. ఆ వాదనలకయ్యే ఖర్చు చాలాసార్లు రావాల్సిన బాకీ కంటే ఎక్కువ.

దీనివల్ల మారేదేమిటి? డబ్బు ఆగినప్పుడు తెలుస్తుంది. హక్కు ఇంకా డెవలపర్ దగ్గరే ఉంటే, మీరు కొనని వస్తువు వాడుతున్నారు, ఆపండి అని ఆమె అనగలదు. అది కాపీరైట్ ఉల్లంఘన వాదన, క్లయింట్ వెంటనే ఫోన్ ఎత్తే వాదన. హక్కు ముందే వెళ్లిపోయి ఉంటే ఆమె కూడా క్లయింట్ నుంచి డబ్బు రావాల్సిన అందరిలో ఒకరు మాత్రమే. రావాల్సిన బాకీ అడగవచ్చు, కేసు వేయవచ్చు, వాడకం మాత్రం ఆపలేదు. క్లయింట్ ఆ యాప్‌ను ఇంకొకరికి అమ్మేసినా ఆమెకు అడ్డుపడే దారి దాదాపు ఉండదు.

ఇప్పుడు తేదీలు

'30 రోజుల్లో చెల్లింపు' అన్న మాటను చాలామంది డెలివరీ నుంచి లెక్కేస్తారు. ఈ కేసులో టెస్ట్ వెర్షన్ జూన్ 2, సోమవారం నాడు అందించారనుకుందాం. జులై మొదటి వారంలో 40 శాతం వచ్చేస్తుందని డెవలపర్ అనుకుంటుంది. కాగితం మాత్రం అలా చెప్పడం లేదు.

శని, ఆదివారాలు తీసేసి, మధ్యలో వేరే సెలవులు లేవనుకుంటే, 10 పనిదినాలు జూన్ 16తో ముగుస్తాయి. క్లయింట్ ఏమీ అనకపోతే జూన్ 17న ఆమోదం దొరికినట్టే. ఆ రోజే ఇన్వాయిస్ పంపితే గడువు జులై 17. ఇన్వాయిస్ సంగతి మరిచిపోయి వారం తర్వాత పంపితే గడువు కూడా వారం జరుగుతుంది. గడియారం తిరగడం మొదలయ్యేది ఆమోదంతో కాదు, ఇన్వాయిస్ అందడంతో.

ఇది అంతా సాఫీగా జరిగితే. అలా కాకుండా జూన్ 12న క్లయింట్ నుంచి 'రెండు లోపాలున్నాయి' అని మెయిల్ వచ్చింది. డెవలపర్ సరిచేసి జూన్ 19, గురువారం మళ్లీ ఇచ్చింది. 10 పనిదినాలు కొత్తగా మొదలై జులై 3 వరకూ సాగాయి. జులై 4న ఇన్వాయిస్ వెళ్లింది. 30 రోజులు లెక్కేస్తే ఆగస్టు 3 ఆదివారం, కాబట్టి ఆగస్టు 4. మొదట పని అందించిన రోజు నుంచి 63 రోజులు. ఇందులో క్లయింట్ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. ఎగవేత లేదు, మోసం లేదు, అంతా కాగితం ప్రకారమే నడిచింది. 'ఇన్వాయిస్ అందిన నెల ముగిశాక 30 రోజులు' అని రాసి ఉంటే, జులై 4న అందిన అదే ఇన్వాయిస్‌కు గడువు ఆగస్టు 30 అవుతుంది. అది శనివారం కాబట్టి సెలవు నియమం ప్రకారం సెప్టెంబర్ 1, సోమవారం. ఒక్క చిన్న మాటకు నాలుగు వారాలు.

ఇందుకే సారాంశంలో చెల్లింపు గురించి రాసేటప్పుడు '30 రోజులు' అని వదిలేయకూడదు. అన్నీ అనుకూలిస్తే ఏ తేదీ, ఒకసారి తిరిగొస్తే ఏ తేదీ అని రెండూ రాయాలి. ఎన్నిసార్లు తిప్పి పంపవచ్చో అగ్రిమెంట్‌లో పరిమితి ఉందా అన్నది కూడా చూడాలి. ఈ కేసులో లేదు. ఆ పరిమితి లేకపోతే నిజానికి రెండో విడతకు గడువే లేదు, ఎందుకంటే ప్రతి కొత్త లోపంతోనూ లెక్క మొదటికొస్తుంది. లోపం అంటే ఏమిటో పని వివరాల పత్రంతో ముడిపెట్టి ఉంటే కొంత నయం. 'క్లయింట్‌కు సంతృప్తి కలిగేలా' అని మాత్రమే ఉంటే, రంగు నచ్చలేదన్నా అది లోపమే.

'సరైన ఇన్వాయిస్' అన్న మాటలో కూడా చిన్న కొక్కెం ఉంది. పెద్ద కంపెనీలు ఇన్వాయిస్ మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్ అడుగుతాయి. అది లేకుండా పంపితే మూడు వారాల తర్వాత తిప్పి పంపి, మళ్లీ అందిన రోజు నుంచి లెక్కేస్తాయి. ఏమేం రాస్తే ఇన్వాయిస్ సరైనదవుతుందో, ఏ మెయిల్‌కు పంపితే అందినట్టో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం చాలా చవకైన జాగ్రత్త. ఇంకో రకం వాక్యం కనిపిస్తే మాత్రం ఎర్ర సిరాతో గీయాలి: 'మా కస్టమర్ మాకు చెల్లించాక మీకు చెల్లిస్తాం'. అందులో తేదీ లేదు, మీరు ఎప్పుడూ చూడని మూడో మనిషి మనసు మాత్రమే ఉంది.

కాగితంలో తేదీ లేకపోతే కొన్ని చోట్ల చట్టమే ఒక తేదీ ఇస్తుంది. వ్యాపారాల మధ్య చెల్లింపులకు ఐరోపా సమాఖ్య 2011 నాటి ఆదేశం 30 రోజులు అంటుంది. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి అమల్లో ఉన్న ఫ్రీలాన్సర్ల చట్టం కూడా పని పూర్తయిన 30 రోజులు అంటుంది. భారత్‌లో సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైన సరఫరాదారుకు 2006 చట్టం అండగా ఉంటుంది. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా అది ఆమోదం నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంక్ రేటుకు 3 రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఇవి వెనక ఉన్న దన్ను మాత్రమే, కాగితం స్పష్టంగా ఉంటే వీటిదాకా పోవాల్సిన పని రాదు.

మధ్యలో ఆగిపోతే

రెండు కాగితాలనూ నిజంగా పరీక్షించే ప్రశ్న ఇదే. టెస్ట్ వెర్షన్ ఇచ్చాక, ఆమోదానికి ముందు క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేసిందనుకుందాం. 12వ క్లాజు ప్రకారం ఎవరైనా 15 రోజుల నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు. అప్పుడు క్లయింట్ చెల్లించాల్సింది 'ఆమోదం పొందిన పనికి' మాత్రమే. ఇక్కడ ఆమోదం పొందినదేమీ లేదు. కాబట్టి డెవలపర్‌కు అడ్వాన్స్ 30 శాతమే మిగులుతుంది. పని మాటేమిటి? అనుబంధం 2 ప్రకారం తయారైన క్షణంలోనే క్లయింట్‌ది అయిపోయింది. దాదాపు పూర్తయిన యాప్, కోడ్‌తో సహా, 30 శాతం ధరకు చేతులు మారింది. మిగిలిన పని ఇంకెవరితోనైనా చేయించుకోవడానికి క్లయింట్‌కు అడ్డేమీ లేదు.

ఎవరూ దురుద్దేశంతో రాసింది కాదిది. అగ్రిమెంట్ రాసినవాళ్లు డబ్బు గురించి ఆలోచించారు, అనుబంధం రాసినవాళ్లు హక్కు గురించి ఆలోచించారు. ముగింపు క్లాజు రెండింటినీ కలుపుతుందని ఎవరికీ తోచలేదు. సారాంశం రాసేవాళ్ల పని ఆ కలిపే చోటును చూపించడమే.

అనుబంధంలో ఇంకో పేరా కూడా నెమ్మదిగా చదవాలి, పాత సామాను గురించి. డెవలపర్ ఏళ్ల తరబడి రాసుకున్న లాగిన్ మాడ్యూల్, రిపోర్టులు తయారుచేసే కోడ్ ఈ యాప్‌లో కూడా వాడింది. 'పనిలో చేర్చిన ప్రతిదీ' క్లయింట్‌ది అని రాసి ఉంటే, రేపు ఆమె వేరే క్లయింట్‌కు అదే మాడ్యూల్ వాడితే తన కోడ్‌ను తానే దొంగిలించినట్టవుతుంది. మర్యాదైన పత్రాల్లో దీన్ని విడదీసి రాస్తారు. ముందే ఉన్నది డెవలపర్‌దే, ఈ యాప్‌లో భాగంగా ఎప్పటికీ వాడుకునే లైసెన్స్ క్లయింట్‌ది. అలా రాసినా, ముందే ఉన్నది ఏదో జాబితా జతచేయాలి. ఆ జాబితా ఉండాల్సిన ఖాళీలో చాలామంది 'ఏమీ లేవు' అని రాసి సంతకం పెడతారు. ఓపెన్ సోర్స్ లైబ్రరీలు కూడా అదే జాబితాలో ఉండాలి. తనది కానిదాన్ని ఎవరూ రాసివ్వలేరు, 'ఇదంతా నా సొంత పనే' అన్న హామీ మీద సంతకం పెడితే అబద్ధం చెప్పినట్టవుతుంది.

సారాంశం ఎలా ఉంటుంది

ఇంత చదివాక డెవలపర్ చేతికివ్వాల్సిన కాగితం అర పేజీ దాటదు. ఈ కేసుకు నేనైతే ఇలా రాస్తాను:

> పని మీద హక్కు తయారైన క్షణం నుంచే క్లయింట్‌ది (అనుబంధం 2, పేరా 2). అగ్రిమెంట్ 9వ క్లాజు పూర్తి చెల్లింపు తర్వాతే అంటోంది, కానీ 15వ క్లాజు వల్ల అనుబంధమే చెల్లుతుంది. మీ పాత కోడ్ మీదే, దాని జాబితా జత చేస్తేనే (పేరా 3). జాబితా ఇప్పుడు ఖాళీగా ఉంది.
>
> 30 శాతం సంతకం రోజున. 40 శాతం: జూన్ 2న డెలివరీ చేస్తే తొందరగా అంటే జులై 17, ఒకసారి తిరిగొస్తే ఆగస్టు మొదటి వారం (క్లాజులు 6, 7). తిప్పి పంపడానికి పరిమితి లేదు. చివరి 30 శాతానికి కూడా ఇదే లెక్క.
>
> ఆమోదానికి ముందు ఒప్పందం ఆగిపోతే మీకు అడ్వాన్స్ మాత్రమే మిగులుతుంది, పని మొత్తం క్లయింట్‌కు వెళ్తుంది (క్లాజు 12, అనుబంధం 2).

ప్రతి మాట పక్కన క్లాజు నంబర్ ఉండటం ముఖ్యం. రేపు క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు 'నాకలా అనిపించింది' అనకుండా పేరా చూపించగలగాలి.

ఇక ఏం మార్చమని అడగాలి? తేలికగా తోచేది, అనుబంధంలో కూడా 'పూర్తి చెల్లింపు తర్వాత' అని రాయించడం. క్లయింట్లు దీనికి ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది, అది న్యాయమైనదే. 'పూర్తి చెల్లింపు' అంటే దేని పూర్తి? మొత్తం ఫీజా, ఆ ఇన్వాయిసా? చివర్లో ఒక అదనపు పని ఫీజు మీద చిన్న గొడవ వచ్చి ఐదు శాతం ఆగితే, మొత్తం యాప్ హక్కు గాల్లో వేలాడుతుంది. అప్పుడే కంపెనీలోకి పెట్టుబడిదారులు వస్తే, వాళ్ల లాయర్లు మొదట అడిగేది ఈ కోడ్ మీది అని చూపించే కాగితం ఏదని.

రెండువైపులా నిలబడే మాట విడతల వారీ బదిలీ. ప్రతి విడత పని మీద హక్కు, ఆ విడత ఇన్వాయిస్‌లో వివాదం లేని మొత్తం అందిన రోజున, వేరే కాగితం అవసరం లేకుండా, క్లయింట్‌కు బదిలీ అవుతుంది. అప్పటివరకు పరీక్షించి చూసుకోవడానికి మాత్రమే క్లయింట్‌కు లైసెన్స్ ఉంటుంది. 'హియర్‌బై' అనే క్రియ అలాగే ఉంటుంది కాబట్టి క్లయింట్ లాయర్‌కు అభ్యంతరం ఉండదు, బదిలీ అమల్లోకి వచ్చే క్షణం మాత్రమే మారుతుంది. 12వ క్లాజులో 'ఆమోదం పొందిన పనికి' బదులు 'ముగింపు తేదీ వరకు జరిగిన పనికి' అని మార్చమని అడగాలి. 6వ క్లాజులో తిప్పి పంపడం రెండుసార్లకే అని, అది కూడా పని వివరాలకు తేడా ఉంటేనే అని ఒక వాక్యం చేర్చమనాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటే దొరుకుతుందన్నా నేను మొదటిదే అడుగుతాను. తేదీలు ఆలస్యమైతే ఓపిక పట్టవచ్చు, హక్కు పోయాక అడిగే బలం ఉండదు.

క్లయింట్ ఫోన్‌లో 'సరే, అలాగే చేద్దాం' అన్నా, మెయిల్‌లో 'ఓకే' అన్నా పని అయిపోయినట్టు కాదు. ఇలాంటి అగ్రిమెంట్లలో దాదాపు ఎప్పుడూ ఒక క్లాజు ఉంటుంది: ఇద్దరూ సంతకం చేసిన రాతపూర్వక సవరణ తప్ప ఏ మార్పూ చెల్లదు. దానికి తోడు హక్కుల బదిలీ విషయంలో చట్టమే సంతకం అడుగుతోంది. కాబట్టి మార్చిన పేరాను అనుబంధం 2లోనే దిద్ది, దాని మీద కొత్తగా సంతకాలు చేయించాలి. అలా కుదరకపోతే ఒక పేజీ సవరణ పత్రం రాసి, అందులో అగ్రిమెంట్ తేదీ, మారుతున్న పేరా నంబర్, అనుబంధాలకు పైన ఈ సవరణే చెల్లుతుందన్న వాక్యం, ఇద్దరి సంతకాలూ ఉండేలా చూసుకోవాలి. ఆ చివరి వాక్యం లేకపోతే 15వ క్లాజు మళ్లీ అడ్డొస్తుంది.